క్యాబినెట్ ముందు యూఎస్‌బీ, హెడ్‌ఫోన్ సాకెట్లు రెండూ పనిచేయకపోతే ఏం చూడాలి?

మా బావ ఈ మధ్య ఇల్లు మారాడు. సామానుతో పాటు కంప్యూటర్ కూడా వ్యాన్‌లో ఊగుతూ వెళ్లింది. కొత్త ఇంట్లో ఆన్ చేస్తే అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ముందువైపు యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. హెడ్‌ఫోన్ పెట్టినా అంతే. "మదర్‌బోర్డు పోయిందేమోరా, విండోస్ మళ్లీ వేయించమంటావా?" అని ఫోన్ చేశాడు.

విండోస్ జోలికి వెళ్లొద్దన్నాను. ముందువైపు యూఎస్‌బీకి ఒక కేబుల్, ఆడియోకు ఇంకో కేబుల్ ఉంటాయి. బోర్డు మీద అవి వేరువేరు చోట్ల గుచ్చుకుంటాయి, వాటి వెనకున్న చిప్‌లు కూడా వేరు. ఆ రెండూ ఒకే రోజు వాటంతట అవే చెడిపోవడం అరుదు. రెండూ ఒకేసారి ఆగాయంటే కేబుళ్లు ఊడి ఉంటాయి, లేదా ఎవరో తప్పు చోట పెట్టి ఉంటారు. డబ్బా దుమ్ము దులిపాకో, ర్యామ్ మార్చాకో, ఇల్లు మారాకో ఈ ఫిర్యాదు వస్తే నా అనుమానం మొదట వాటి మీదకే పోతుంది.

మూత తీయకముందు

అదే పెన్‌డ్రైవ్‌ను వెనకవైపు పోర్టులో పెట్టి చూడండి. అక్కడ పనిచేస్తే పెన్‌డ్రైవ్, విండోస్ రెండూ బాగున్నట్టే. తర్వాత ముందు పోర్టుకు ఫోన్ తగిలించండి. ఛార్జింగ్ గుర్తు వస్తే 5 వోల్టులు అందుతున్నాయి, డేటా తీగలకే ఇబ్బంది అన్నమాట. ఛార్జింగ్ కూడా రాకపోతే కేబుల్ ఊడి ఉండే అవకాశం ఎక్కువ. బావ ఫోన్ ఛార్జ్ కాలేదు.

మూత తీసి

కంప్యూటర్ షట్‌డౌన్ చేయండి. వెనక ఎస్ఎంపీఎస్ మీద స్విచ్ ఉంటే ఆపి, పవర్ కార్డ్ పీకేయండి. ఆ తర్వాత ముందున్న పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. ఎదురుగా నిలబడితే ఎడమవైపు ఉండే మూత సాధారణంగా వెనకనున్న రెండు స్క్రూలతో వస్తుంది. ఒకసారి క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని చేయి లోపల పెట్టండి. ఏదీ కదపకముందే ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి, తర్వాత ఏది ఎక్కడుండేదో అడగడానికి ఎవరూ ఉండరు.

ఇప్పుడు ముందు పోర్టుల వెనక నుంచి వచ్చే తీగలను చేత్తో పట్టుకుని చివరిదాకా వెళ్లండి. మందంగా, గట్టిగా ఉండి చివర పొడవాటి ప్లగ్ ఉన్నది యూఎస్‌బీ 3.0 కేబుల్. సన్నగా ఉండి చిన్న నల్ల ప్లగ్‌లు ఉన్నవి యూఎస్‌బీ 2.0, ఆడియో కేబుళ్లు.

బోర్డు మీద ఈ ప్లగ్‌లు గుచ్చుకునే పిన్నుల గుంపును హెడర్ అంటారు, ఒక్కోదాని పక్కన పేరు అచ్చువేసి ఉంటుంది. యూఎస్‌బీకి `F_USB` లేదా `JUSB`, ఆడియోకు `F_AUDIO`, `JAUD1`, `HD_AUDIO`, `AAFP` లాంటివి కనిపిస్తాయి. ఆడియోది చాలా బోర్డుల్లో అడుగు అంచున, వెనక సాకెట్ల వైపు మూలకు ఉంటుంది.

ఖాళీ పిన్ను ఎక్కడుందో చూడండి

యూఎస్‌బీ 2.0 హెడర్, ఆడియో హెడర్ పైకి ఒకేలా ఉంటాయి. రెంటిలోనూ రెండు వరుసల్లో తొమ్మిది పిన్నులు, పదోది లేదు. ఆ లేని పిన్నే వాటి గుర్తు. యూఎస్‌బీలో ఖాళీ ఒక మూలన ఉంటుంది. ఆడియోలో మూలకు ఒక పిన్ను వదిలి దాని పక్కన ఉంటుంది. ప్లగ్‌లో సరిగ్గా అదే చోట రంధ్రం మూసి ఉంటుంది. టార్చ్ వేసి ఆ రెండూ కలిసేలా పెడితే తిరగబడే ప్రశ్నే లేదు. బలం పెట్టాల్సి వస్తోందంటే మాత్రం ఆగండి, మీరు పెడుతున్నది వేరే హెడర్ లేదా తలకిందుల ప్లగ్.

అసలు ప్రమాదం పాత క్యాబినెట్లలో ఉంది. వాటికి మూసిన రంధ్రంతో ప్లగ్ ఉండదు, నాలుగు తీగల పట్టీలు విడివిడిగా వస్తాయి. ఎరుపు 5 వోల్టులు, తెలుపు, ఆకుపచ్చ డేటా, నలుపు గ్రౌండ్. ఖాళీ పిన్ను మూలకు ఎదురు చివర నుంచి లెక్కపెడితే ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు, ఇదే వరుస. పట్టీ తిప్పి పెడితే 5 వోల్టులు గ్రౌండ్ స్థానంలోకి పోతాయి, పెన్‌డ్రైవ్ కాలిపోవచ్చు. కొన్ని బోర్డులు ఆన్ కాగానే `USB Device Over Current Status Detected` అని చెప్పి 15 సెకన్లలో ఆగిపోతాయి. ముందు పోర్టులో రేకు వంగి షార్ట్ అయినా ఇదే సందేశం వస్తుంది. ముందువైపు పోర్టుల కేబుల్ పీకి ఆన్ చేస్తే సందేశం పోయిందా, తప్పు ఆ కేబుల్‌లోనో ఆ పోర్టులోనో ఉంది.

బావ డబ్బాలో ఏం దొరికింది

యూఎస్‌బీ 3.0 ప్లగ్ ఒక పక్కకు వాలి సగమే దిగి ఉంది. ఆ కేబుల్ మొండిది, పక్క మూత నొక్కితే పైకి లేస్తుంది. ప్లగ్ మీది ఉబ్బును హెడర్ తొడుగులోని కోతకు ఎదురుగా ఉంచి, రెండు వైపులా సమానంగా నొక్కితే దిగింది. ఫోన్ ఛార్జింగ్ వచ్చింది, పెన్‌డ్రైవ్ కనిపించింది. కానీ ఒక పోర్టులో కాపీ సెకనుకు 35 ఎంబీ దాటడం లేదు. రెండోదాంట్లో అదే ఫైల్ చకచకా వెళ్లింది. అంటే ఆ పోర్టు పాత 2.0 తీగల మీదే నడుస్తోంది. మళ్లీ అంతా ఆపి ప్లగ్ పీకి చూస్తే ఒక పిన్ను పక్కకు వాలి ఉంది. రాత్రి తనే నొక్కానని బావ అప్పుడు ఒప్పుకున్నాడు. సన్నని ట్వీజర్‌తో కొద్దికొద్దిగా నిలబెట్టాను. ఒకేసారి లాగితే విరుగుతుంది, విరిగితే ఆ పోర్టుకు పూర్తి వేగం రాదు. ఈ ప్లగ్ పీకేటప్పుడు కూడా నెమ్మది అవసరం, గబుక్కున లాగితే హెడర్ తొడుగు ప్లగ్‌తో పాటే ఊడివస్తుంది.

ఆడియో సంగతి వేరు. ఆ కేబుల్ చివర రెండు ప్లగ్‌లు వేలాడుతున్నాయి, ఒకదాని మీద `HD AUDIO`, ఇంకోదాని మీద పాత పద్ధతిదైన `AC'97`. బావ దగ్గరగా అందిన `AC'97` పెట్టేశాడు. అది సరిగ్గానే దిగుతుంది, అందుకే మోసపోతాం. కానీ హెడ్‌ఫోన్ పెట్టినట్టు బోర్డుకు చెప్పే తీగలు దాంట్లో ఉండవు. కాబట్టి విండోస్‌లో `Win+R` నొక్కి `mmsys.cpl` అని కొట్టి సౌండ్ సెట్టింగులు తెరిస్తే హెడ్‌ఫోన్ కింద `Not plugged in` అనే వస్తుంది. `HD AUDIO` ప్లగ్‌కు మార్చగానే గుర్తుపట్టింది. మీ క్యాబినెట్‌కు `AC'97` ఒక్కటే ఉంటే, బయోస్‌లో `Front Panel Type` అనే వరుస దొరికితే దాన్ని `AC97`గా మార్చి చూడండి. లేదా రియల్‌టెక్ సాఫ్ట్‌వేర్‌లో ముందు సాకెట్ గుర్తింపును ఆపేయండి.

ఇంకా పలకకపోతే

బోర్డు మీద రెండో యూఎస్‌బీ హెడర్ ఉంటే అదే కేబుల్‌ను అందులో పెట్టండి. అక్కడ పనిచేస్తే మొదటి హెడర్ పోయింది. అక్కడా రాకపోతే తప్పు క్యాబినెట్ వైపు, అంటే కేబుల్‌లోనో పోర్టులున్న చిన్న బోర్డులోనో ఉంటుంది. పోర్టులోకి టార్చ్ వేసి లోపలి ప్లాస్టిక్ నాలుక విరిగిందేమో చూడండి. మదర్‌బోర్డు పాతదై 3.0 హెడరే లేకపోతే, ఆ పెద్ద ప్లగ్‌ను తొమ్మిది పిన్నుల హెడర్‌కు కలిపే కన్వర్టర్ కేబుల్ దొరుకుతుంది. పోర్టులు పనిచేస్తాయి, 2.0 వేగంతోనే.

మూత బిగించే ముందు ఆ మొండి కేబుల్‌ను టై వేసి లోపలికి కట్టేయండి. బావ డబ్బాలో అదే చేసి, మూత పెట్టాక ఇంకోసారి ఫోన్ తగిలించి చూశాను.