గోదావరికి ఎర్రనీరు వచ్చింది, వాటర్ ప్యూరిఫయర్ క్యాండిల్ కడిగేవాళ్ళు ఒక్క నిమిషం ఇది చదవండి

మొన్న రాజమండ్రిలో మా పిన్ని వాళ్ళింట్లో జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ఎర్రనీళ్ళకి ప్యూరిఫయర్ బయట ఉండే క్యాండిల్ (తెల్లగా దూదిపోగులా ఉంటుందే, అది) బెల్లం రంగులోకి వచ్చేసిందని పిన్ని దాన్ని రాత్రంతా సర్ఫ్ నీళ్ళల్లో నానబెట్టి, పొద్దున్న రెండు మగ్గులు నీళ్ళు పోసి బిగించేసింది. వాళ్ళది ఆర్వో లేని యూవీ మెషిను. పిల్లాడు స్కూలుకెళ్తూ సీసా నింపుకున్నాడు, మధ్యాహ్నానికి వాంతులు. సీసా ఊపి చూస్తే పైన నురగ.

నేను వెళ్ళి ఆ క్యాండిల్ తీసి కుళాయి కింద పట్టి కడిగాను. పైకి శుభ్రంగానే ఉంది, కానీ రెండు అరచేతుల మధ్య గట్టిగా నొక్కితే మళ్ళీ నురగ. నాలుగో బకెట్ దాకా వచ్చింది, ఇక లాభం లేదని పారేశాను. అది గుడ్డ కాదు, లోపలిదాకా పోగు మీద పోగు చుట్టి ఉంటుంది, సబ్బు లోపలికెళ్ళిందంటే రెండు మగ్గులకి ఎక్కడ వదులుతుంది? ఆ వదలనిదంతా మనం తాగే నీళ్ళల్లోకే వస్తుంది. బ్లీచింగ్ అయితే ఆర్వో ఉన్నవాళ్ళకి ఇంకో దెబ్బ, క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పొర పాడవుతుంది, ముందున్న కార్బన్ ఫిల్టర్ కొంత ఆపుతుంది కానీ నానబెట్టినంత మోతాదుకి దాని మీద భరోసా పెట్టుకోకూడదు. అందుకే సర్ఫ్, విమ్, బ్లీచింగ్, వెనిగర్ ఏదీ వద్దు, ఒట్టి నీళ్ళు చాలు.

కడగడం ఎలాగంటే, ముందు ప్యూరిఫయర్ స్విచ్ ఆపి, నీళ్ళొచ్చే వాల్వ్ కట్టేయండి. ఫిల్టర్ మూత మీద చిన్న బటన్ ఉంటే దాన్ని నొక్కి లోపలి ప్రెషర్ వదిలేశాకే స్పానర్ పెట్టండి, లేకపోతే క్యాండిల్ ఉండే గిన్నె తిరగదు, బలవంతం చేస్తే పగులుతుంది. క్యాండిల్ బయటికి తీశాక నిలువుగా పట్టుకుని రెండు చివర్ల రంధ్రాలు మూసి, బయట వైపు మాత్రమే మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి రుద్దండి. మూయమని ఎందుకంటున్నానంటే, నీళ్ళు బయటనుంచి వడకట్టుకుని నడిమి బొక్కలోకి వస్తాయి, మంచినీళ్ళ వైపు అదే, బురద ఒక్కసారి అందులోకి దూరిందంటే ఇక ఆపేది లేదు, నేరుగా మెషిన్లోకే. బొక్కలోకి తొంగిచూడండి, గోడలు లోపలివైపు కూడా గోధుమరంగులో ఉంటే కడగడం దండగ, కొత్తది వేయండి. కడిగితే పైమట్టే పోతుంది, లోతుగా ఇరుక్కున్నది పోదు, కాబట్టి ఒకటి రెండు సార్లకి మించి కడగొద్దు.

ఇప్పుడు అసలు మాట, అందరూ తప్పేది ఇక్కడే. కడిగి బిగించాక మొదటి నీళ్ళు మెషిన్లోకి పంపకండి. ఫిల్టర్ నుంచి ప్యూరిఫయర్‌కి వెళ్ళే పైపుని మెషిన్ దగ్గర ఊడదీసి బకెట్లో పెట్టండి, వాల్వ్ మెల్లగా తిప్పండి, ఒక బకెట్ నీళ్ళు పోనివ్వండి. తర్వాత వచ్చేవి గాజుగ్లాసులో పట్టి, వెనకాల తెల్లకాగితం పెట్టి చూడండి. రంగు గానీ, అడుగున మట్టి గానీ, నురగ గానీ ఉంటే ఇంకో బకెట్. తేటగా వచ్చాకే పైపు మళ్ళీ పెట్టి స్విచ్ వేయండి. పిన్ని ఇదొక్కటి చేసుంటే నురగ బకెట్లోనే కనపడేది.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తున్నాను.

క్యాండిల్ కింది చివర గిన్నెలోని గాడిలో, పై చివర మూతలోని గాడిలో సరిగ్గా కూర్చోవాలి, వంకరగా ఉంటే నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి, కొత్త క్యాండిల్ వేసినా మట్టి వస్తోందంటే అదే. రబ్బరు రింగు మడత పడకుండా చూడండి. చేత్తో బిగించి, స్పానర్‌తో కొంచెం, అంతే. పైపులు విప్పితే ఇన్, అవుట్ మార్చి పెట్టకండి, తిరగేస్తే పట్టిన మట్టంతా మెషిన్లోకి. వేడినీళ్ళు వద్దు. ఎండలో ఆరబెట్టొద్దు, కడిగిన వెంటనే బిగించండి. మెషిన్ లోపల సీలు వేసి ఉండే సెడిమెంట్ ఫిల్టర్ కడిగేది కాదు, కోసి కడగకండి, మార్చేయండి. బిగించాక మొదటి ట్యాంకు నీళ్ళు తాగొద్దు, గిన్నెలు కడగడానికి వాడుకోండి. ఎర్రనీళ్ళు ఉన్నన్నాళ్ళు వారానికోసారి గిన్నె వైపు చూడండి, మెషిన్లో ట్యాంకు నిండడానికి మామూలుకంటే ఆలస్యమవుతున్నా, మోటారు మూలుగుతున్నా క్యాండిల్ పూడుకుని ఉండొచ్చు. నురగ వచ్చిన క్యాండిల్ మళ్ళీ వాడకండి. పిల్లల సీసా నింపేముందు బకెట్ నీళ్ళు పారబోశారా లేదా, ముందది చెప్పండి.