కన్నడలో ‘ప’ పోయి ‘హ’ వస్తది

మా హన్మకొండ నుంచి బెంగళూరు వచ్చిన కొత్తల కూరగాయల బండి దగ్గర ఏదడిగినా వాళ్లే తెలుగులోనో హిందీలోనో జవాబిచ్చేవాళ్లు. దాంతో ఆరు నెలలైనా నాకు కన్నడం ముక్క రాలేదు.

తర్వాత ఒకటి గమనించిన. మన పాత తెలుగు మాట ‘ప’తో మొదలైతే, చాలాసార్లు కన్నడలో అక్కడ ‘హ’ ఉంటది. పాలు అంటే హాలు, పువ్వు అంటే హూవు, పులి అంటే హులి, పది అంటే హత్తు. ఇది తెలిస్తే సగం మాటలు ఊహించుకోవచ్చు.

దీనికి ఐదు మాటలు కలుపుకోండి: ఎష్టు (ఎంత), బేకు (కావాలి), బేడ (వద్దు), సాకు (చాలు), కొడి (ఇవ్వండి). రోజూ ఒకే బండి దగ్గరికి పోయి “హత్తు రూపాయి కొత్తంబరి కొడి” అని కొత్తిమీర అడగండి, బండాయన తెలుగులో మాట్లాడితే నవ్వి “కన్నడదల్లి హేళి” అంటే చాలు, కన్నడలోనే చెప్తడు. పక్కింటి వాళ్లకు, ఆఫీసులో మధ్యాహ్నం పూట “ఊట ఆయ్తా?” అనండి. మన “తిన్నరా?” లాంటిదే అది, ముచ్చట దానంతటదే మొదలైతది.

ఒక జాగ్రత్త. సంస్కృతం, ఇంగ్లీషు మాటలకు ఈ లెక్క పనిచేయదు, పుస్తకం అక్కడ కూడా పుస్తకనే. ఇంకా ‘కొడి’ బదులు ‘కొడు’ అనకండి, అది మన ‘ఇయ్యి’ లెక్క. నేను ఇంటి ఓనర్ పెద్దాయనతో అట్లనే అన్న, ఆయన ముఖం చూసినంక తెలిసింది.