దాళ్వా అమ్మకాల రిపోర్టులు బ్రాంచీలకు పంపే ముందు

నెలాఖరుకు ఎరువుల అమ్మకాల రిపోర్టును ఒకే నమూనాతో అన్ని బ్రాంచీలకూ తీసేవారు ముందు ఇవి చూసుకోవాలి.

ఎక్సెల్‌లో `PivotTable`ను ఫిల్టర్ చేసి, ఆ ఫైలునే మేనేజరుకు పంపకండి. ఫిల్టర్ అంకెలను కనబడకుండా చేస్తుందే గాని తీసివేయదు. మూలం షీటును తొలగించినా పివట్ తనలో దాచుకున్న నకలు సాధారణంగా ఫైలులోనే ఉండిపోతుంది కనుక, రాజోలు మేనేజరు ఫిల్టర్‌ను `(All)`కు మార్చి మొత్తం చూపే గడిపై రెండుసార్లు నొక్కితే అమలాపురం, తణుకు బిల్లులన్నీ వరుసలతో సహా కొత్త షీటులో తెరుచుకుంటాయి. ముందుగా ఆ బ్రాంచీ వరుసలను మాత్రమే వేరే ఫైలులోకి తీసుకుని, అక్కడ పివట్ కట్టాలి. అంకెలు చూడడమే అవసరమైతే పీడీఎఫ్ చాలు.

బ్రాంచీని పేరుతో కాక కోడుతో, అదీ అచ్చంగా సరిపోలేటట్లు ఎంచాలి. ‘భీమవరం’ అనే మాట ఉన్నవన్నీ తెమ్మంటే ‘భీమవరం బస్టాండు’ కూడా వస్తుంది.

అన్ని రిపోర్టుల మొత్తాలనూ కూడి హెడ్డాఫీసు మొత్తంతో సరిచూడాలి. ఉదాహరణకు మూడు బ్రాంచీలు 12, 9, 7 లక్షలు చూపి, అసలు మొత్తం 29 లక్షలైతే, ఆ తేడా లక్షకు చాలాసార్లు కోడు ఖాళీగా ఉన్న బిల్లులే కారణం.

మెయిల్ చిరునామాను, కోడు పక్కనే అది రాసి ఉన్న పట్టిక నుంచి తీసుకోవాలి. బదిలీ అయిన మేనేజరు పేరు టైపు చేయగానే పాత చిరునామా తనంతట తానే వచ్చి కూర్చుంటుంది.