ఫ్లాట్ చూపించడం నేర్చుకుందాం – 4: మూడు చోట్ల ఆగే స్క్రిప్టు

గత పాఠంలో, కొనుగోలుదారు సైటుకు రాకముందే ఫోనులో అడగాల్సిన ప్రశ్నలు చూశాం. ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఇప్పుడు అద్దె ఇంట్లో ఏది ఇబ్బందిగా ఉంది, బ్యాంకు రుణం కోసం ఎవరినైనా కలిశారా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఆ జవాబులు రాసుకున్న కాగితం ఈ రోజు చేతిలో ఉండాలి.

మన ఉదాహరణలో భార్యాభర్తలు, ఒక పాప. ముగ్గురూ అద్దె ఇంట్లో ఉంటున్నారు, ఇల్లు కొనడం ఇదే మొదటిసారి. చూడబోయేది ఐదో అంతస్తులో 1,200 చదరపు అడుగుల రెండు పడకగదుల ఫ్లాట్. నిర్మాణం చివరి దశలో ఉంది.

చాలామంది క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్, జిమ్‌తో మొదలుపెట్టి పది పదిహేను గొప్పలు చెప్పి చివరికి ఫ్లాట్ తలుపు తీస్తారు. అప్పటికి వచ్చినవారు అలసిపోయి ఉంటారు. అంతకుముందు ఇల్లు కొన్నవారికి ఏది వినాలో, ఏది వదిలేయాలో తెలుసు. మొదటిసారి కొనేవారు అన్నీ గుర్తుపెట్టుకోవాలని చూస్తారు, ఏదీ గుర్తుండదు. అందుకే నేరుగా ఫ్లాట్‌కే తీసుకెళ్లి, మూడే విషయాలు చెప్పండి. ఆ మూడూ వాళ్లు అక్కడికక్కడే చూసుకోగలిగేవి కావాలి. ఈత కొలను ఎక్కడికీ పోదు, తిరిగి వచ్చేటప్పుడు చూపించవచ్చు.

మొదటి ఆగు: హాలు మధ్యలో, గాలీ వెలుతురూ

మోడల్ ఫ్లాట్‌లో కాదు, కొనబోయే ఫ్లాట్‌లోనే చూపించండి. మోడల్ ఫ్లాట్‌లో నిండా దీపాలుంటాయి, గోడకు అద్దాలుంటాయి. అక్కడ వెలుతురు గురించి ఏం చెప్పినా నిలబడదు.

"లైట్లన్నీ ఆపేస్తున్నానండీ. ఇప్పుడు కనబడే వెలుగంతా కిటికీల నుంచి వస్తున్నదే. ఈ బాల్కనీ తలుపు, వంటగది వెనక ఉన్న యుటిలిటీ తలుపు రెండూ తీస్తాను. మీరు ఈ మధ్యలో ఒక్క నిమిషం నిలబడండి."

ఇక్కడ మీరు నోరు మెదపకూడదు. స్క్రిప్టులో ఇదే కష్టమైన భాగం. ఎదురెదురు దిక్కుల్లో తెరుచుకునే దారులుంటే గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు పోతుంది. ఒకే గోడకు ఎన్ని కిటికీలున్నా అంత గాలి ఆడదు. ఆ రోజు గాలి బాగా తక్కువగా ఉంటే సన్నటి కాగితం ముక్కను యుటిలిటీ తలుపు దగ్గర వేలాడదీసి పట్టుకోండి. అది ఎటు వంగుతుందో వాళ్లే చూస్తారు.

ఆ వెంటనే ఇందులోని లోపాన్ని మీరే చెప్పండి: "ఎదురుగా కనబడే ఖాళీ స్థలంలో రెండో బ్లాకు వస్తుందండీ. మన బాల్కనీకీ దానికీ మధ్య దూరం ఈ ప్లానులో ఉంది, చూడండి." ఈ మాట మీరు దాచి, తర్వాత వాళ్లకు వాచ్‌మన్ ద్వారా తెలిసిందంటే మిగతా రెండు విషయాలూ నమ్మరు.

రెండో ఆగు: పెద్ద పడకగదిలో, వాడుకునే చోటు

ఇక్కడ ఎక్కువసేపు ఉండండి. కొలత టేపు తీసి కొనేవారి చేతికే ఇవ్వండి. మన ఉదాహరణలో గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు.

"మీ మంచం ఆరు అడుగుల వెడల్పు అన్నారు కదండీ. తలవైపు ఈ పొడవైన గోడకు పెడదాం. మంచం ఆరున్నర అడుగులు ముందుకు వస్తుంది, కాళ్లవైపు మూడున్నర అడుగులు మిగులుతుంది. అక్కడ రెండడుగుల లోతు బీరువా పెడితే నడవడానికి అడుగున్నరే ఉంటుంది, తలుపు సరిగా తెరుచుకోదు. అందుకని బీరువా ఈ పక్క గోడకు. అప్పుడు మంచానికి రెండు పక్కలా రెండేసి అడుగులు, కాళ్లవైపు మూడున్నర."

చెబుతూ ఉండగానే నేల మీద సుద్దముక్కతో గీయండి. మంచం ఆకారం గీసిన తర్వాత వాళ్లు తమంతట తామే దాని చుట్టూ నడవడం మొదలుపెడతారు. పక్క గోడ దగ్గర రెండడుగులే ఉంటుంది కాబట్టి బీరువాకు జరిపే తలుపులైతే మేలని కూడా చెప్పండి. మోడల్ ఫ్లాట్‌లో చాలాసార్లు మామూలు కంటే చిన్న మంచాలు వేస్తారు, లోపలి తలుపులు తీసేస్తారు. మీ దగ్గరా అలాగే ఉంటే దాన్ని చూపించి మురిసిపోకండి.

అసలు బలం ఈ తర్వాత చెప్పాలి. 1,200 చదరపు అడుగుల్లో బయటి గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, కారిడార్‌లలో వారి వాటా కూడా కలిసి ఉంటాయి. లోపల కాలు పెట్టి వాడుకునేది కార్పెట్ ఏరియా. మన ఫ్లాట్‌లో అది 840, అంటే 70 శాతం.

"వేరేచోట 1,300 అడుగుల ఫ్లాట్ చూశామన్నారు కదండీ. అక్కడ కార్పెట్ ఏరియా ఎంతో అడగండి. 845 అని చెబితే, కాగితం మీద వంద అడుగులు పెద్దదైనా లోపల పెరిగింది ఐదే."

పక్క ప్రాజెక్టును తిట్టనక్కర్లేదు. లెక్క ఎలా చూడాలో చెబితే చాలు. అయితే మీ ఫ్లాట్‌లో ఈ శాతం తక్కువగా ఉంటే దీన్ని మూడింటిలో ఒకటిగా ఎంచుకోకండి, దానికి బదులు మరొకటి వెతుక్కోండి.

మూడో ఆగు: కిందికి వచ్చి కూర్చున్నాక, మొత్తం ఖర్చు

డబ్బు మాట పడకగదిలో ఎత్తవద్దు. కూర్చున్నాక, ఒకే కాగితం మీద చూపించాలి. చదరపు అడుగు ధర ఒక్కటే విని బయల్దేరినవారికి పార్కింగ్, కార్పస్ ఫండ్, ముందుగా కట్టే నిర్వహణ ఖర్చు, పన్నులు, రిజిస్ట్రేషన్ విడివిడిగా తగులుతుంటే కోపం వస్తుంది. ఆ అన్నీ కలిసిన మొత్తం ముందే చేతికివ్వడమే ఇక్కడ మీ బలం.

"ఇది మొత్తమండీ. ఇందులో లేనిది మేం తర్వాత అడగం. దీంట్లో బ్యాంకు ఇచ్చేది ఎంతో, మీరు చేతి నుంచి పెట్టాల్సింది ఎంతో ఈ రెండు గళ్లలో వేరుగా రాశాను."

అద్దె ఇంట్లో ఉన్నవారికి ఇంకో ప్రశ్న మనసులో ఉంటుంది, అడగడానికి మొహమాటపడతారు. ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె ఒకవైపు, బ్యాంకు విడుదల చేసిన మొత్తానికి వడ్డీ మరోవైపు కట్టాలి. నిర్మాణం చివరి దశలో ఉంటే ఈ రెండూ కలిసిపడే కాలం తక్కువ. అదే మాట చెప్పండి, కానీ తాళాలిచ్చే తేదీ మాత్రం ఒప్పందంలో ఉన్నదే చదివి వినిపించండి. "ఇంకా ముందే అయిపోతుంది లెండి" అన్న ఒక్క మాట తర్వాత ఎన్ని ఫోన్లు తెచ్చిపెడుతుందో ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు.

కాగితం ఇచ్చిన తర్వాత కూడా "ఇంకేమైనా కట్టాలా?" అని రెండోసారి అడిగారంటే పట్టికలో ఏదో అంశం అర్థం కాలేదని గ్రహించండి. ధర తగ్గించడం గురించి మాట్లాడకుండా, పట్టికను వరసగా మళ్లీ చదవండి.

సాధన: మీ ప్రాజెక్టులో ఒక్క ఫ్లాట్ ఎంచుకుని మూడు ఆగుళ్లకూ సంభాషణ రాయండి. గది కొలతలు ప్లానులోంచి తీసుకోకుండా మీరే టేపుతో కొలవండి, ఎందుకంటే ప్లాస్టరింగ్, టైల్స్ పడ్డాక లోపలి కొలత కాస్త తగ్గుతుంది. తర్వాత గడియారం పెట్టుకుని తోటి ఉద్యోగికి నడిచి చూపించండి. మొత్తం అరగంట దాటితే రెండో ఆగును అలాగే ఉంచి మిగతా రెండింటిలో కోత పెట్టండి. "ఇంట్లో పెద్దవాళ్లను తీసుకొస్తాం" అని చెప్పి వెళ్లినవారు రెండోసారి వచ్చినప్పుడు ఏం చూపించాలో 5వ పాఠంలో చూద్దాం.