రోడ్డు గీతల పెయింట్ లెక్క తప్పితే: సమస్య - పరిష్కారం

తిరుపతి జిల్లాలో చంద్రగిరి వైపు వెళ్లే ఒక రెండు వరుసల రోడ్డులో 4 కిలోమీటర్ల మేర గీతలు వేయాలనుకుందాం. అంచు గీతలు రెండు వైపులా తెగకుండా సాగుతాయి, మధ్య గీత 3 మీటర్లు గీత, 6 మీటర్లు ఖాళీగా ఉంటుంది, అన్నింటి వెడల్పూ 100 మిల్లీమీటర్లే. తడిగా ఉన్నప్పుడు పెయింట్ పొర 0.4 మిల్లీమీటర్లు ఉండాలని డ్రాయింగులో ఉన్నది. ఒక లీటరు పెయింట్‌ను ఒక మిల్లీమీటరు మందాన పరిస్తే ఒక చదరపు మీటరు వస్తుంది కాబట్టి, 0.4 మిల్లీమీటర్ల మందాన 2.5 చదరపు మీటర్లు వస్తుంది. ఆ ప్రకారం 20 లీటర్ల డబ్బా ఒకటి 500 మీటర్ల గీతకు సరిపోవాలి. కింది చిక్కులన్నిటినీ ఈ 500 మీటర్లతో పోల్చే పట్టుకోవచ్చు.

సమస్య: పని పూర్తికాకముందే పెయింట్ అయిపోతోంది.

తెప్పించినవి 19 డబ్బాలు. ఒక అంచు గీత 4,000 మీటర్లకు 8 డబ్బాలు పట్టాల్సిన చోట 10 పట్టాయి, అంటే డబ్బా 400 మీటర్లే నడిచింది. ఈ దశలో చాలామంది కంపెనీ పెయింట్‌ను అనుమానిస్తారు. దానికంటే ముందు టేపు తీసుకుని, గీత వెడల్పును పది పదిహేను చోట్ల కొలవడం మేలు. సగటు 110 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే, స్ప్రే గన్ రోడ్డుకు ఉండవలసినదానికంటే ఎత్తులో ఉండి, పెయింట్ విసనకర్రలా విచ్చుకుంటోందని అర్థం. అయితే అది ఒక్కటే కారణమైతే డబ్బా సుమారు 455 మీటర్లు నడవాలి. మిగతా లోటుకు వేరే కారణం వెతకాలి.

ఆ కారణం మందమా, రోడ్డు ఉపరితలమా అన్నది తేల్చడానికి ఒక నున్నని రేకు ముక్కను యంత్రం దారిలో పెట్టి, దాని మీదుగా గీత వేయించి, పెయింట్ ఆరకముందే దువ్వెన పళ్లలాంటి తడిపొర గేజ్‌తో కొలవాలి. రేకు మీద 0.45 వస్తే యంత్రం నెమ్మదిగా నడుస్తోంది, లేదా నాజిల్ అరిగి ఎక్కువ పెయింట్ వదులుతోంది. వేగం సరిచేయడమో, నాజిల్ మార్చడమో చేయాలి. రేకు మీద సరిగ్గా 0.4 వచ్చిందంటే యంత్రం తప్పేమీ లేదు, కంకర తేలిన గరుకు ఉపరితలం తన గుంటల్లోకి పెయింట్‌ను తీసుకుంటోంది. మన ఉదాహరణలో రెండోదే జరిగిందనుకుంటే, డబ్బాకు 50 చదరపు మీటర్లు రావలసింది 44 మాత్రమే వస్తున్నది. ఇక్కడ మందం తగ్గించి పెయింట్ మిగుల్చుకోవాలనుకోవడం సరికాదు, ఎందుకంటే రాళ్ల కొనల మీద పొర మరీ పలచబడి, బండ్ల రాపిడికి ముందు అక్కడే గీత చెదురుతుంది. గన్ దించి వెడల్పును 100కు తెచ్చుకుని, మిగిలిన పనిని 44 లెక్కన చూసుకోవాలి.

మిగిలిన పని లెక్కలోనే మరో పొరపాటు బయటపడవచ్చు. 19 డబ్బాల అంచనాలో మధ్య గీతను పొడవులో మూడో వంతుగా, అంటే 1,333 మీటర్లుగా వేశారు. కానీ వంపుల దగ్గర ఓవర్‌టేక్ చేయరాని 600 మీటర్లలో మధ్య గీత తెగకుండా సాగాలి. అప్పుడు మిగతా 3,400 మీటర్లలో మూడో వంతు 1,133, దానికి 600 కలిపితే 1,733 మీటర్లు. రెండో అంచు గీతతో కలిపి ఇంకా 5,733 మీటర్లు, అంటే సుమారు 573 చదరపు మీటర్లు వేయాలి. 44 చొప్పున 13 డబ్బాలకు కాస్త పైనే అవుతుంది, అంటే 14 కావాలి. చేతిలో 9 ఉన్నాయి కనుక ఇంకా 5 తెప్పించుకోవాలి. వంపుల్లో జంట గీతలు ఉంటే ఆ 600ను రెండింతలు చేయడం మరవకూడదు.

సమస్య: పెయింట్ మిగిలిపోతోంది.

ఇది సంతోషించే విషయం కాదు. డబ్బా 600 మీటర్లు నడిచి, వెడల్పు 100 ఉంటే, పొర 0.33 మిల్లీమీటర్లకు పడిపోయిందని అర్థం. గేజ్ 0.4 చూపిస్తున్నా డబ్బా ఎక్కువ దూరం నడుస్తుంటే, థిన్నర్ పరిమితికి మించి కలిపారేమో చూడాలి. థిన్నర్ ఆవిరైపోయాక మిగిలే పొరే గీత కాబట్టి, తడి కొలత సరిపోయినా ఎండిన గీత పలచగానే ఉంటుంది. ఎండకు పెయింట్ చిక్కబడినప్పుడు పనివారు థిన్నర్ పోయడం సహజం. అంతకంటే డబ్బాలను నీడలో ఉంచి, బాగా కలిపి, తయారీదారు చెప్పిన పాళ్లకు లోబడే వాడటం మంచిది.

సమస్య: డ్రాయింగులో థర్మోప్లాస్టిక్ అని ఉన్నది.

అది వేడితో కరిగించి పరిచే పదార్థం, కాబట్టి అప్పుడు పై లీటర్ల లెక్క పనికిరాదు. 2.5 మిల్లీమీటర్ల మందానికి చదరపు మీటరుకు 2.5 లీటర్ల పదార్థం పడుతుంది. అది లీటరుకు దాదాపు 2 కిలోలు తూగుతుంది కనుక చదరపు మీటరుకు సుమారు 5 కిలోల చొప్పున అంచనా వేసుకోవాలి. పొడవు, వెడల్పు, ఖాళీల లెక్క మాత్రం మారదు.