ఉతికాక లాల్చీ పక్కకి తిరిగిపోతోందా? ముందు పేక పోగు లాగి చూడండి

సమస్య: శ్రీకాకుళంలో మా మామయ్య పొందూరు ఖద్దరు తీసుకుని లాల్చీ కుట్టించుకున్నారు. రెండు ఉతుకులకే గుండీల పట్టీ పక్కకి లాగేసింది, కింద అంచు ఒకవైపు జారిపోయింది. "కుట్టు వంకర" అని ఆయన టైలర్ మీద కోపం పెట్టుకున్నారు గానీ, కుట్టు తిన్నగానే ఉంది.

కారణం: మిగిలిన గుడ్డముక్కలో అడ్డంగా నేసిన ఒక పేక పోగుని సూదితో పైకెత్తి మెల్లగా లాగితే, అది పోయిన దారిలో సన్నటి గీత పడింది. 36 అంగుళాల పన్నాలో ఆ గీత ఒక అంచు దగ్గర మొదలై, రెండో అంచుకి చేరేసరికి రెండంగుళాలు కిందకి దిగింది. అంటే నిలువుగా ఉండే పడుగు పోగులకి పేక సరిగ్గా అడ్డంగా లేదు. గంజి పట్టించి ఆరేసినప్పుడో, మడతపెట్టినప్పుడో ఒక పక్క ఎక్కువ లాగితే ఇలా అవుతుంది, గంజి ఉన్నంతసేపూ గుడ్డ ఆ వంకరలోనే బిగుసుకుని ఉంటుంది. నీళ్లు తగిలి గంజి పోగానే పోగులు తమ చోటికి వెళ్లాలని చూస్తాయి, వాటితోపాటే కుట్టిన లాల్చీ కూడా తిరుగుతుంది.

పరిష్కారం: కత్తెర పెట్టకముందైతే సులువే. గుడ్డని రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి గంజి పోగొట్టండి. తడిగా ఉన్నప్పుడే ఇద్దరు పట్టుకుని, పొట్టిగా ఉన్న ఐమూల వైపు కొంచెం కొంచెంగా జరుగుతూ సాగదీయండి. పరిచి ఆరేశాక పేక పోగు లాగిన గీత వెంట చివర కత్తిరించి, రెండు అంచులూ కలిపి నిలువుగా మడిస్తే ఆ చివరలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే మళ్లీ తడపాల్సిందే. పాలిస్టర్ కలిసిన మిల్లు గుడ్డ మాత్రం వేడితో బిగించేసి వస్తుంది కాబట్టి ఎంత లాగినా లొంగదు, దాన్ని షాపులోనే చూసుకుని వదిలేయడం మంచిది.

కుట్టేశాక పట్టీ తిన్నగా రాదు. ఇంకో రెండు ఉతుకులు అయ్యాక, తొడుక్కుని నిలబడితే నేలకి సమంగా గీత గీయించుకుని కింద అంచు మళ్లీ మడిపించుకోవడమే.

టీషర్ట్ పక్క కుట్టు పొట్ట మీదకి వస్తే అది వేరే జబ్బు. అక్కడ పేక లేదు, ఒకే నూలు ఉచ్చులు ఉచ్చులుగా అల్లి ఉంటుంది. తప్పు నూలు పురిది. అంచు దగ్గర వదులుగా ఉన్న పోగు ఒకటి లాగి రెండు కొనలూ దగ్గరికి తెచ్చి చూడండి, మధ్యలో తనంతట తానే మెలితిరిగిపోతే పురి ఇంకా చల్లారలేదని అర్థం. తడిసినప్పుడు ఆ పురి విప్పుకోబోయి ఉచ్చులన్నిటినీ ఒకే పక్కకి వాల్చేస్తుంది. తడిపి లాగి ఇస్త్రీ చేస్తే ఆ పూటకి బాగుంటుంది, తర్వాతి ఉతుకుకి మళ్లీ మొదలు. రెండు పోగుల్ని ఎదురు పురితో కలిపిన నూలుతో అల్లిందీ, రెండు వైపులా ఒకేలా కనిపించే ఇంటర్‌లాక్ అల్లికా ఇంతలా తిరగవు.