కొత్త షేడ్‌కి ముందు ఆర్డర్లు, తర్వాతే బ్యాచ్

కొత్త లిప్‌స్టిక్ షేడ్ తెచ్చిన ప్రతిసారీ సగం ట్యూబులు మా ఇంట్లోనే మిగిలిపోయేవి. ఈసారి విజయనగరం సిరిమానోత్సవానికి 6 వారాల ముందు, చిన్న బ్యాచ్‌లు చేసే లైసెన్సున్న తయారీదారు దగ్గర 10 శాంపిళ్లే పోయించాను. చామనఛాయ, తెలుపు, నలుపు రంగుల ముగ్గురికి వేసి, కిటికీ వెలుగులో ఫిల్టర్ లేకుండా ఫోటోలు తీశాను. చేతి మీద కాదు, పెదాల మీదే తీయండి, రంగు చాలా తేడాగా కనిపిస్తుంది. సగం అడ్వాన్సుతో 7 రోజులు ప్రీ-ఆర్డర్లు తీసుకుంటే 64 వచ్చాయి, 70 పోయించాను. పండక్కి వారం ముందే అందరికీ చేరాయి.

ఖాళీ ట్యూబులు, లేబుళ్లు చేతికి రాకముందు మాత్రం డెలివరీ తేదీ చెప్పకండి. ఒకసారి ట్యూబులు 12 రోజులు ఆలస్యమై అడ్వాన్సులన్నీ వాపసు ఇచ్చాను. మే ఎండల్లో కూడా పంపకండి, లిప్‌స్టిక్ కొరియర్‌లో మెత్తబడి మూతకి అంటుకుపోతుంది.